యాకోబు సారు చెప్పిన వేళ

కోదాడ మిషన్ బడిలో యాకోబు పన్నెండేళ్లుగా మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాడు. పెద్ద చదువు లేదు, పెద్ద పేరూ లేదు. ఊళ్లో ఆయన గురించి చెప్పుకొనే మాట ఒక్కటే: యాకోబు సారు బడి గంట కొడితే దాన్ని బట్టి గడియారం సరిచేసుకోవచ్చని. అది ఉత్త పొగడ్త కాదు. రోజూ పొద్దున బడికి వస్తూ తపాలా ఆఫీసు ముందు ఆగేవాడు. కిటికీలోంచి గోడ గడియారం చూసి, తన చేతి గడియారం అర నిమిషం అటూ ఇటూ ఉన్నా ముల్లు తిప్పి సరిచేసి గానీ అక్కడ్నుంచి కదిలేవాడు కాదు. పోస్టుమాస్టరు నవ్వేవాడు. "సారు రేపు పరలోకానికి పోయినా గేటు కాడ టైమెంతయిందో సూసుకొనే లోపలికి పోతడు" అనేవాడు. యాకోబు కూడా నవ్వేవాడే కానీ, మర్నాడు మళ్లీ ఆగేవాడు.

ఆయన తమ్ముడు కోటయ్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. ధాన్యం మిల్లులో హమాలీ. నిండు వడ్ల బస్తాను వీపు మీదికి ఎత్తుకొని పాట పాడుతూ నడిచేవాడు. ఆకలేస్తే అతనికి మధ్యాహ్నం, నిద్రొస్తే రాత్రి. కలరా వచ్చిన ఏడు తల్లీ తండ్రీ వారం తేడాతో పోతే, కోటయ్యను యాకోబే పెంచాడు. అప్పటికి తనకు పద్నాలుగేళ్లు, తమ్ముడికి ఐదు. చదివిద్దామని శతవిధాల చూశాడు. కోటయ్య అక్షరాలు రెండు రోజులు దిద్ది, మూడో రోజు పలక తాకట్టు పెట్టి జామకాయలు తిన్నాడు. యాకోబు ఆ సంగతి పదిమందికీ చెప్పి మురిసిపోయేవాడు. తమ్ముడి మీద కోపం తెచ్చుకోవడం ఆయన వల్ల అయ్యేది కాదు.

జానమ్మను చూసి తమ్ముడికి పెళ్లి చేసింది కూడా ఆయనే. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దది బుజ్జి, పెదనాన్న దగ్గరే మూడో తరగతి. చిన్నవాడికింకా నడక రాలేదు. రోజూ మధ్యాహ్నం కోటయ్య మిల్లు నుంచి బడి అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. వదిన కట్టిచ్చిన అన్నంలో సగం తనే తినేసి, "అన్నా, నీకు అరగదు, ముసలోనివైతున్నవ్" అనేవాడు. అన్నకప్పుడు ముప్పైఎనిమిదేళ్లు.

ముగ్గురు పిల్లలతో బడి జీతం చాలక యాకోబు రెండేళ్ల కిందట బీమా ఏజెన్సీ తీసుకున్నాడు. కంపెనీ మద్రాసుది, బ్రాంచి బెజవాడలో ఉంది. జీవిత బీమా గురించి చెప్పబోతే ఊళ్లో జనం నవ్వి పంపేవాళ్లు. "నేను సచ్చినంక వచ్చే పైసలతోటి నేనేం జేసుకోను సారూ" అనేవాళ్లు. పోలీసు యాక్షన్‌తో నిజాం పాలన పోయి బెజవాడ రోడ్డు మళ్లీ తెరుచుకున్నాక మాత్రం కొంచెం పని దొరికింది. లారీలు కదిలాయి. సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు అడుగుపెడితే చాలు, మద్రాసు పోలీసులు బండి ఆపి ఇన్సూరెన్సు కాగితం అడిగేవాళ్లు. మన బండి వల్ల దారిన పోయేవాడికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా, ఆ నష్టం కంపెనీ కట్టాలి. దానికి పూచీ కాగితం అది. అసలు పాలసీ మద్రాసు నుంచి అచ్చయి రావడానికి నెల పడుతుంది. అంతవరకూ ఏజెంటే ఒక చిన్న కాగితం రాసిచ్చేవాడు. దాన్ని కవరు నోటు అంటారు. ఏ తేదీ నుంచి, ఏ గంట నుంచి బండికి పూచీ మొదలవుతుందో అందులో రాయాలి. యాకోబు అక్షరాలు ముత్యాల్లా ఉండేవి, తప్పు దిద్దిన గీత ఒక్కటీ కనపడేది కాదు.

నలభై తొమ్మిది మార్చి ఒకటో తేదీ, మంగళవారం సాయంత్రం, అంజన్న బడికి వచ్చాడు. అంజన్నది గొర్ల కాపరుల ఇల్లు. తండ్రి మంద కాస్తుంటే ఇతను యుద్ధంలో మిలిటరీ బండ్లు నడపడం నేర్చుకొని వచ్చాడు. సూర్యాపేట షావుకారు దగ్గర అప్పు తీసుకొని, మిలిటరీ వాళ్లు అమ్మేసిన పాత లారీ ఒకటి కొన్నాడు. ఎల్లుండి గురువారం బెజవాడకు మొదటి కిరాయి కుదిరింది. కోటయ్యకు మంచి దోస్తు. వస్తూనే, మిల్లు పని ముగించుకొని బడి అరుగు మీద కూర్చున్న కోటయ్య పక్కన చతికిలబడ్డాడు.

"సారూ, నా బండికి కాయితం రాయుండ్రి."

యాకోబు అతనిచ్చిన పైసలు లెక్కపెట్టుకొని, కవరు నోట్ల పుస్తకం తీసి, పేజీల మధ్య కార్బను కాగితాలు పెట్టాడు. "ఇప్పుడు అయిదున్నర అయింది అంజన్నా. పైసలు కట్టినవ్ కాబట్టి ఇప్పటి నుంచే రాస్త. గీ క్షణం నుంచే నీ బండికి కంపెనీ పూచీ."

"వద్దొద్దు సారూ. మంగళారం పూట మా ఇంట్ల గొర్రెపిల్లను గూడ కొనం. పంతులు తాన ముహూర్తం పెట్టిచ్చిన. రేపు బుధవారం పొద్దుగాల యమగండం, ఎనక వర్జ్యం. తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మంచి గడియ. బండిని ముత్యాలమ్మ గుడి ముంగట నిలబెట్టి, నిమ్మకాయలు తొక్కిచ్చేది గూడ గప్పుడే. కాయితం గూడ గా గడియకే మొదలుగావాలె."

యాకోబు కలం ఆపాడు. ఆయన ముహూర్తాలు నమ్మడు, నమ్మేవాళ్లను వెక్కిరించడు కూడా. అయినా తెలిసిన మనిషి గనక ఒక మాట చెప్పాడు. "సూడు అంజన్నా. రేపటి తేదీ ఒక్కటే రాసి గంట రాయకపోతే, రాత్రి పన్నెండు దాటంగనే రేపటి రోజు మొదలైతది, పూచీ గూడ గప్పుడే మొదలైతది. నువ్వు గంట రాయిస్తే గా గంటకు ముందు ఏం జరిగినా కంపెనీకి సంబంధం ఉండదు. మరి నీ ఇష్టం."

"తేదీ ఒక్కటే రాస్తే మంచి గడియ రాకముందే మొదలైతది గద. వద్దు సారూ. గా గడియదాంక బండి రోడ్డెక్కదు. నా మందమీద ఒట్టు."

"రాయి అన్నా, వాని ముచ్చట వానిది" అన్నాడు కోటయ్య నవ్వుతూ. "గా పంతులుకు వీడు రూపాయి ఇచ్చిండు. అది దండుగ కావొద్దు."

యాకోబు రాశాడు. 1949 మార్చి రెండో తేదీ, ఉదయం 9 గంటల 40 నిమిషాల నుంచి. కింద సంతకం చేసి, కార్బను తీసి, ఒక ప్రతి అంజన్నకిచ్చాడు. ఇంకొకటి కవర్లో పెట్టి ఆ సాయంత్రం టపాలోనే బెజవాడ పంపాడు. అందులో ఆయన చేసిన తప్పేమిటో ఎంత ఆలోచించినా తేలదు. నియమం విప్పి చెప్పాడు, అడిగింది రాశాడు. బతిమాలి అయినా ఆ గంట కొట్టేయించి ఉండాల్సిందని తర్వాత పదేళ్లు తనను తనే తిట్టుకున్నాడు. మంచి మనిషి తనను తిట్టుకుంటుంటే మనం ఏమని ఆపుతాం.

మర్నాడు పొద్దున అంజన్న బండిని వాగు దగ్గరికి తోలుకుపోయాడు. ఒట్టు మరిచిపోయాడని కాదు. కడగని బండిని అమ్మవారి ముందు నిలబెట్టడం ఎట్లా అనుకున్నాడు. వాగుకు పోవడం బండి రోడ్డెక్కడమని అతని లెక్కలోనే లేదు. రోడ్డెక్కడమంటే కిరాయికి పోవడమే. కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టేసరికి పొద్దెక్కింది. ఇంకా బంతిపూల దండలు గుచ్చాలి, పంతులు వచ్చి ఉంటాడు, గడియ దాటిపోతే మళ్లీ రాహుకాలం మీద పడుతుంది. దాంతో బండి ఉరికించాడు. మంచి గడియ అందుకోవాలనే ఆత్రం తప్ప ఆ పొద్దు అతనికి వేరే పని లేదు.

మిల్లు దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. వీపు మీద బస్తాతో, తల వంచుకొని కోటయ్య రోడ్డు దాటుతున్నాడు. బస్తా మోసేవాడికి తన కాళ్ల ముందు రెండడుగులు తప్ప కనపడదు. ఎడ్లబండి అడ్డమొస్తే అంజన్న స్టీరింగు ఒక్క పెట్టున తిప్పాడు. తిప్పిన వైపు కోటయ్య ఉన్నాడు.

బడిలో ప్రార్థన అయిపోయింది. మొదటి పాఠానికి గంట కొట్టడానికి యాకోబు తాడు పట్టుకొని, ఇంకో చేతి మణికట్టు చూసుకుంటూ నిలబడ్డాడు. సరిగ్గా తొమ్మిదింబావు. తాడు లాగబోతుండగా మిల్లు వైపు నుంచి బ్రేకు చప్పుడు, దాని వెనకే ఆడవాళ్ల కేకలు వినపడ్డాయి. ఆ రోజు ఆ గంట మోగలేదు.

ఆయన పోయేసరికి కోటయ్యకు ఇంకా ఊపిరి ఉంది. బస్తా పిగిలి వడ్లు రోడ్డంతా పరుచుకున్నాయి. తల ఒళ్లో పెట్టుకుంటే కళ్లు తెరిచాడు.

"అన్నా, బస్తా పిగిలిందా? సేటు కొట్లాడ్తడు."

"లేదురా. ఏం గాలే. బస్తా మంచిగనే ఉంది" అన్నాడు యాకోబు.

అంతే. కోటయ్య ఊపిరి ఆగింది. ఐదేళ్లప్పుడు చేతుల్లోకి తీసుకున్న తమ్ముడిని ముప్పై దాటకుండానే అదే చేతుల్లోంచి వదిలేశాడు.

కాసేపటికి పోలీసు పటేలు వచ్చాడు. శవం పక్కనే చాప వేయించుకొని పంచనామా ఉర్దూలో రాయడం మొదలుపెట్టాడు. బండి ఎటు నుంచి వచ్చింది, మనిషి ఎక్కడ పడ్డాడు, చూసిన వాళ్లెవరు. తర్వాత "గప్పుడు ఎన్ని గంటలైంది?" అని అడిగాడు.

ఒకడు "బారెడు పొద్దెక్కింది పటేలా" అన్నాడు. ఇంకొకడు "పది కావస్తుండె" అన్నాడు. మిల్లు గుమాస్తా తల గోక్కున్నాడు. ఆ గుంపులో చేతికి గడియారం ఉన్నది ఒక్క యాకోబుకే. పటేలు ఆయన వైపు తిరిగాడు.

"తొమ్మిదింబావు" అన్నాడు యాకోబు. తమ్ముడి రక్తం చొక్కా మీద ఇంకా ఆరలేదు. ఆలోచించి చెప్పింది కాదు. టైమెంతని ఎవరడిగినా పన్నెండేళ్లుగా ఆయన నోట ఎట్లా వస్తుందో అట్లాగే వచ్చింది. పటేలు రాసుకొని కాగితం ఇటు తిప్పితే, సాక్షిగా కింద సంతకం కూడా చేశాడు.

చక్రం పక్కన నెత్తి చేతుల్లో పెట్టుకొని కూర్చున్న అంజన్న అప్పుడు తలెత్తి చూశాడు. ఆ సంగతి మొట్టమొదట అర్థమైంది అతనికే. యాకోబుకు సాయంత్రం సమాధి దగ్గర అర్థమైంది. పిడికెడు మన్ను తీసి పెట్టె మీద వేయబోతుండగా, తొమ్మిది నలభై అన్న తన చేతిరాత కళ్ల ముందు మెదిలింది. పాస్టరు ప్రార్థన ముగించినా ఆయన పిడికిలి విప్పలేదు. భార్య సుగుణమ్మ వచ్చి వేళ్లు ఒక్కొక్కటిగా విప్పదీసింది.

మూడో రోజు అంజన్న వచ్చి జానమ్మ కాళ్ల మీద పడ్డాడు. తన బండికి కాగితం ఉందని, కంపెనీ పిల్లలను చూసుకుంటుందని ఏడుస్తూ చెప్పాడు. అబద్ధమాడాలని కాదు పాపం, ఆమె ముఖం చూశాక ఏదో ఒకటి చెప్పకుండా లేవలేకపోయాడు. జానమ్మ ఆ మాట పట్టుకొంది. పట్టుకోవడానికి ఆమెకు ఇంకేముంది? చంకలో పిల్లవాడు, పక్కన బుజ్జి, ఇంట్లో సోలెడు జొన్నలు.

ఆ మధ్యాహ్నమే యాకోబు ఆమెను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జానమ్మ అంతా వింది.

"అంటే, బావా, ఒక పావుగంట అటు జరిగి ఉంటే ఇచ్చేటోళ్లా?"

"ఇరవై అయిదు నిమిషాలమ్మా."

"గా నిమిషాలు నువ్వే రాసినవ్. ఈ నిమిషాలూ నువ్వే చెప్పినవ్."

ఆమె గొంతులో కోపం లేదు. అది తట్టుకోవడం ఆయనకు ఇంకా కష్టమైంది. ఆమె తిట్టి ఉంటే ఏడ్చేవాడు.

బ్రాంచికి ఉత్తరం రాయడం ఏజెంటుగా ఆయన పనే. ప్రమాదం జరిగింది, మనిషి పోయాడు అని రాశాడు. పోయిన మనిషి పేరు రాసే చోట మాత్రం కలం చాలాసేపు నిలిచిపోయింది. విచారణకు ఇన్‌స్పెక్టరు ఫలానా సోమవారం వస్తాడని జవాబు వచ్చింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అంజన్న చర్చి బయట కాచుకొని ఉన్నాడు. ఆ పది రోజుల్లో మనిషి సగమయ్యాడు.

"సారూ, ఒక్క మాట. పటేలు కాయితంల ఉన్న టైం నీ గడియారం టైమే. గా గడియారం సుస్తు నడుస్తదని చెప్పు. అర్ధగంట ఎనకకు ఉంటదని చెప్పు. గంతే. గప్పుడు తొమ్మిదింబావు కాదు, పావు తక్కువ పది అయితది. నేను ఒట్టేస్త, మిల్లోళ్లు ఒట్టేస్తరు. ఊరంత జానమ్మ దిక్కే ఉన్నది."

అంజన్న ఆయన చేయి పట్టుకున్నాడు. "కోటిగాడు నాకు తమ్ముడు గాదా సారూ? నా చేతుల మీద పోయిండు. నన్ను జైల్ల పెట్టినా సరే. పిల్లలను ఆగం చెయ్యకు."

ఆ సాయంత్రం ఇంటి గడప మీద కూర్చొని యాకోబు గడియారం ముల్లు సరిగ్గా అరగంట వెనక్కి తిప్పాడు. సుగుణమ్మ చూసి కూడా చూడనట్టు లోపలికి పోయింది. పన్నెండేళ్లు పిల్లలకు నిజం చెప్పమని బెత్తం పట్టుకొని నేర్పినవాడు, ఆ పని అంత తేలిగ్గా అయిపోయినందుకు తనే ఆశ్చర్యపోయాడు. తమ్ముడి పిల్లల కంటే తన మాట గొప్పదా అనుకున్నాడు. కాదనుకున్నాడు. ఆ రాత్రి, కోటయ్య పోయాక మొదటిసారి, కంటినిండా నిద్రపోయాడు.

సోమవారం పదింటికి ఇన్‌స్పెక్టరు జానకిరామయ్య బెజవాడ బస్సు దిగాడు. యాభై దాటిన మనిషి, నిమ్మళంగా మాట్లాడేవాడు. బండి చూశాడు, మలుపు కొలిపించాడు, పటేలుతో పంచనామా చదివించుకున్నాడు. బడి అరుగు మీద కూర్చొని అందరినీ పిలిపించాడు. అంజన్న, పటేలు, మిల్లు గుమాస్తా నిలబడ్డారు. గోడకానుకొని జానమ్మ, ఆమె కొంగు పట్టుకొని బుజ్జి.

"మాస్టారూ, మీకు జరిగింది తెలిసి చాలా బాధపడ్డానండి" అని మొదలుపెట్టాడు. "నేను మీకు శత్రువుని కాను. ఒక్క సంగతి తేలితే చాలు. నోటులో తొమ్మిదీ నలభై అని ఉంది. పంచనామాలో తొమ్మిదింబావు అని ఉంది, కింద మీ సంతకం ఉంది. మిగతావాళ్లంతా పది కావొచ్చిందంటున్నారు. ఆ వేళ విషయంలో ఏదైనా అనుమానం ఉంటే చెప్పండి. అనుమానం ఉందని నేను రాస్తాను. రాస్తే పైవాళ్లు ఆలోచిస్తారు."

యాకోబు లేచి నిలబడ్డాడు. "నా గడియారం సరిగ్గ నడవదండి" అన్నాడు. "అర్ధగంట వెనక ఉంటది."

జానమ్మ ఒక్కసారి ఊపిరి తీసుకుంది. అంజన్న కళ్లు మూసుకున్నాడు. జానకిరామయ్య తల ఊపి, "ఏదీ, ఒకసారి చూపిస్తారా?" అని చేయి చాపాడు. యాకోబు ధైర్యంగానే మణికట్టు ముందుకు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు తన గడియారం పక్కన పెట్టి చూశాడు.

రెండూ పదకొండూ పది.

ఒక్క నిమిషం తేడా లేదు. యాకోబుకు మొదట ఏం జరిగిందో తెలియలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఆ పొద్దున బడికి వస్తూ, ఇన్‌స్పెక్టరుతో చెప్పాల్సిన మాట లోపల వల్లించుకుంటూ, తపాలా ఆఫీసు ముందు ఆయన కాళ్లు వాటంతట అవే ఆగాయి. కళ్లు కిటికీలోకి చూశాయి. అరగంట తేడా కనిపించింది, వేళ్లు ముల్లు తిప్పి సరిచేసేశాయి. మనసుకు తెలియకుండానే చేయి దాని పని అది చేసుకుపోయింది. పన్నెండేళ్ల అలవాటు ఒక్క పూట ఆగమంటే ఆగలేదు.

జానకిరామయ్య తన చేయి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"మాస్టారూ, మీరు ఆ మాట అనలేదు, నేను వినలేదు" అన్నాడు. "కూర్చోండి."

యాకోబు కూర్చోలేదు. "అయ్యా, నన్ను ఏమన్నా చేయుండ్రి. ఏజెన్సీ తీసెయ్యుండ్రి. కానీ ఒక్కటి చెప్పుండ్రి. పైసలు ముందు రోజు సాయంత్రమే కట్టిండు. ప్రమాదం జరిగినంక వచ్చి కట్టింది గాదు. కాయితం అదే సాయంత్రం మీకు టపాల పంపిన. ఇందుల మోసం ఎక్కడుంది?"

"మోసం లేదండి. అది నాకూ తెలుసు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అసలు గంట ఎందుకు రాస్తామంటే, బండి గుద్దేసాక పరిగెత్తుకొచ్చి పొద్దుటి నుంచీ పాలసీ ఉందనేవాళ్లు ఉంటారు గనక. పూచీ ఎప్పుడు మొదలైందో తెలియకపోతే ఎవరూ ముందు కట్టరు, అందరూ దెబ్బ తగిలాకే కడతారు. అందుకని రాసిన గంటే గీత. మీరు రెండో తేదీ అని ఊరుకుని ఉంటే, ముందు రాత్రి పన్నెండింటి నుంచే మొదలయ్యేది. తొమ్మిదింబావు లోపలే ఉండేది. నేనే మీ పక్షాన రాసి డబ్బు ఇప్పించేవాణ్ణి. గంట రాశారు. ఆ గంట దగ్గర ఆ రోజు రెండు ముక్కలైంది. మొదటి ముక్కలో ఆ లారీకి పాలసీ లేనట్టే."

"రాయించింది నేను" అన్నాడు అంజన్న. "సారు వద్దన్నడు."

"ఎవరు రాయించినా అంతేనయ్యా. కాగితం మీద ఉన్నదే ఒప్పందం."

ఆయన వెళ్లేటప్పుడు బుజ్జి తల నిమిరాడు. బస్సెక్కే ముందు యాకోబును పక్కకు పిలిచి, గడియారం సంగతి తాను పైకి రాయనని, ఏజెన్సీ పోదని చెప్పాడు. యాకోబు అప్పటికే కవరు నోట్ల పుస్తకం కాగితంలో చుట్టి సిద్ధంగా ఉంచాడు. అది ఆయన చేతిలో పెట్టాడు. మళ్లీ ఏ కాగితం మీదా ఏ గంటా రాయలేదు.

మనసు ఊరుకోక మిర్యాలగూడ పోయి ఒక వకీలును కలిశాడు. వకీలూ అదే చెప్పాడు. కంపెనీ మీద దావా నిలవదు, బండి యజమాని మీద వేసుకోవచ్చు. బండి యజమాని దగ్గర అప్పటికి ఏముంది? వాయిదా తప్పిందని సూర్యాపేట షావుకారు లారీ తోలుకుపోయాడు. పోలీసు అమీనుసాబు కేసు పెడితే అంజన్న ఆరు నెలలు జైలుకు పోయాడు. పోయే ముందు తండ్రి మందలోంచి నాలుగు గొర్రెలను తెచ్చి జానమ్మ గుమ్మం ముందు కట్టేశాడు. ఆమె వద్దనలేదు, తీసుకుంటానని కూడా అనలేదు.

ఊళ్లో కొందరు యాకోబును వెర్రిబాగులవాడన్నారు. కొందరు తమ్ముడి పిల్లల నోట్లో మన్ను కొట్టాడన్నారు. పాస్టరు మాత్రం దేవుడే నిజాన్ని నిలబెట్టాడని ఆదివారం చెప్పబోతే, యాకోబు మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాడు. నిజం నిలబడితే నిలబడనీ, అది ఎవరి మీద నిలబడిందో పాస్టరుకేం తెలుసు.

జానమ్మ ఒకే ఒకసారి ఆ విషయం ఎత్తింది. ఆయన బియ్యం మూట తెచ్చి గుమ్మంలో దించుతుంటే, "నా కోసమని అబద్ధం చెప్పినవ్ గద బావా" అంది. "గది చాలు. ఇగ మనసుల పెట్టుకోకు."

చాలదని ఇద్దరికీ తెలుసు. ఆయన ఎంత పెట్టినా తన ముగ్గురు పిల్లల నోళ్లలోంచి తీసి పెట్టాల్సిందే. అది జానమ్మ చూస్తూ ఊరుకొనే మనిషి కాదు. వేసవి దాటి నాట్లు మొదలయ్యేసరికి ఆమె గరిడేపల్లి వైపు కూలి గుంపుతో పోయింది. చంటివాణ్ణి గట్టు మీద ఎత్తుకొని కూర్చోవడానికి ఒక మనిషి కావాలి గనక, బుజ్జిని వెంట తీసుకుపోయింది. నాట్ల తర్వాత కలుపు, కలుపు తర్వాత కోతలు. పిల్ల తిరిగి బడికి రాలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు యాకోబు కొత్త హాజరు పట్టీలో పేర్లు రాశాడు. ఆ ఏడు ఆయనకు నాలుగో తరగతి ఇచ్చారు. పదిహేను రోజులు వరసగా రాని పిల్లల పేరు కొట్టేయాలని బడి నియమం. పదిహేను రోజులయ్యాయి, నెల అయింది, రెండు నెలలయ్యాయి. రోజూ పేర్లు పిలిచేటప్పుడు బుజ్జి పేరు దగ్గర ఆయన ఒక క్షణం ఆగేవాడు. బల్ల మీద ఆ పిల్ల కూర్చునే చోటు ఖాళీగా ఉండేది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. ఆయన తల వంచుకొని, ముత్యాల్లాంటి అక్షరాలతో, వచ్చింది అని రాసి కింది పేరుకు పోయేవాడు. ఆ పట్టీ ప్రకారం ఆ ఏడాదంతా బుజ్జి ఒక్క రోజు కూడా బడి మానలేదు.